గోడ బంతిని ఎంత బలంతో తోసింది?

టెన్నిస్ బంతిని గోడకేసి కొడితే తిరిగొస్తుంది. అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆ తాకిడిలో గోడ బంతిని ఎంత బలంతో తోసిందని అడిగితే చాలామంది ఆగిపోతారు. బంతి బరువు తూచవచ్చు, వేగం కొలవవచ్చు. బలాన్ని పట్టుకోవడమే కష్టం. బంతి గోడను అంటుకుని ఉండేది సెకనులో రెండు వందల వంతు కాలం, అంటే దాదాపు 5 మిల్లీసెకన్లు. అంత తక్కువ వ్యవధిలోనూ బలం ఒకే తీరుగా ఉండదు. బంతి గోడను ముట్టుకున్న క్షణంలో అది సున్నా. బంతి నొక్కుకుపోతున్నకొద్దీ పెరుగుతుంది, ఒక గరిష్ఠానికి చేరుతుంది, బంతి మళ్లీ గుండ్రంగా సర్దుకుంటూ గోడను వదిలే సరికి సున్నాకు దిగుతుంది. కనుక ఎంత బలం అన్న ప్రశ్నకు ఒక్క సంఖ్య జవాబు కాలేదు. ఏ క్షణంలో ఎంత అన్నది కావాలి. దాన్ని చూపేదే బలం-కాలం గ్రాఫు.

ఇలాంటి గ్రాఫులను నిజంగానే గీశారు. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన భౌతికశాస్త్రవేత్త రాడ్ క్రాస్ 1999లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో బంతుల గెంతు మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఒత్తిడి పడితే విద్యుత్తు పుట్టించే పియెజో పలకల మీద రకరకాల బంతులను పడేసి, ఆ విద్యుత్తు సంకేతం నుంచి బలం ప్రతిక్షణం ఎలా మారిందో చూశారు. అలాంటి గ్రాఫుల్లో కనిపించే గీత నున్నగా ఎక్కి దిగే ఒక గుట్టలా ఉంటుంది. మన లెక్క కోసం అదే ఆకారంలో ఒక గ్రాఫు ఊహిద్దాం. కింది సంఖ్యలు ఏ ప్రయోగశాలవీ కావు, ఉదాహరణకు నేను వేసుకున్నవి. అయితే టెన్నిస్ బంతికి అవి నప్పేలా చూశాను.

బంతి 58 గ్రాములు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిబంధన ప్రకారం ఇది 56 నుంచి 59.4 గ్రాముల మధ్య ఉండాలి. బంతి గోడకు ఎదురుగా, నేరుగా సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చింది. ఇది గంటకు 36 కిలోమీటర్లు, మామూలుగా చేతితో విసిరే వేగమే. తిరిగి సెకనుకు 7 మీటర్ల వేగంతో వెళ్లింది.

గ్రాఫులో అడ్డంగా కాలం, నిలువుగా బలం. తాకిడి మొదలైన దగ్గర్నుంచి అర మిల్లీసెకనుకు ఒకసారి బలాన్ని చదువుదాం. మొదట సున్నా. తర్వాత వరుసగా 140, 210, 250, 280, 295, 280, 240, 175, 100 న్యూటన్లు. 5 మిల్లీసెకన్ల దగ్గర మళ్లీ సున్నా. ఎక్కడం కాస్త నిటారుగా, దిగడం కాస్త నిదానంగా ఉంది. దాని కారణానికి తర్వాత వద్దాం.

ఇప్పుడు అసలు సంగతి. ఈ గీతకూ కింది అక్షానికీ మధ్య ఉన్న వైశాల్యానికి ఒక అర్థం ఉంది. బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేదాన్ని ప్రచోదనం అంటారు. బలం మారకుండా ఉంటే గ్రాఫు దీర్ఘచతురస్రం, గుణకారం ఒక్కసారితో అయిపోతుంది. బలం మారుతుంటే కాలాన్ని సన్నని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఉన్న బలాన్ని ఆ ముక్క వెడల్పుతో గుణించి, అన్నీ కూడాలి. అలా కూడితే వచ్చేది గీత కింది వైశాల్యమే.

వైశాల్యం తీయడానికి గొప్ప గణితం అక్కర్లేదు. గళ్ల కాగితం మీద ఒక గడి వెడల్పు అర మిల్లీసెకను, ఎత్తు 20 న్యూటన్లు అనుకోండి. ఒక్క గడి విలువ 0.0005 సెకన్లు ఇంటూ 20 న్యూటన్లు, అంటే 0.01 న్యూటన్-సెకను. గీత కింద పూర్తిగా పడిన గళ్లను లెక్కపెట్టండి. గీత కోసుకుపోయిన గళ్లలో సగానికి మించి లోపల ఉన్నవాటిని ఒకటిగా తీసుకోండి, తక్కిన వాటిని వదిలేయండి. మన గ్రాఫుకు దాదాపు 98 గళ్లు వస్తాయి. గళ్లు లెక్కపెట్టే ఓపిక లేకపోతే మధ్యలో చదివిన తొమ్మిది బలాలనూ కూడండి. 1970 వస్తుంది. దాన్ని 0.0005తో గుణిస్తే 0.985 న్యూటన్-సెకను.

ఇందాక బంతి వేగాలు చెప్పుకున్నాం కదా. వాటి నుంచి ఇదే సంఖ్య ఇంకో దారిలో రావాలి. ఎందుకంటే ఒక వస్తువుకు అందిన ప్రచోదనం ఎంతో, దాని ద్రవ్యవేగంలో వచ్చే మార్పు అంతే. ఇది న్యూటన్ రెండో నియమమే. ద్రవ్యవేగమంటే ద్రవ్యరాశిని వేగంతో గుణించగా వచ్చేది. కాబట్టి బంతి వేగం ఎంత మారిందో తెలిస్తే చాలు.

విద్యార్థులు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. పది నుంచి ఏడు తీసేస్తే మూడు, కనుక వేగంలో మార్పు 3 అని రాసేస్తారు. వేగానికి దిశ ఉంది. గోడ నుంచి బయటికి వచ్చే దిశను ప్లస్ అనుకుంటే, వచ్చేటప్పుడు బంతి వేగం మైనస్ 10, వెళ్లేటప్పుడు ప్లస్ 7. మార్పు 7 నుంచి మైనస్ 10 తీసివేయడం, అంటే 17. మాటల్లో చెప్పాలంటే గోడ రెండు పనులు చేసింది. పదితో వస్తున్న బంతిని ముందు నిలబెట్టింది, తర్వాత నిలబడ్డ బంతికి వెనక్కి ఏడు ఇచ్చింది. రెండింటికీ బలం ఒకే దిశలో, గోడ నుంచి బయటికే పనిచేసింది. కాబట్టి రెండూ కూడుకోవలసిందే.

58 గ్రాములంటే 0.058 కిలోలు. దాన్ని 17తో గుణిస్తే 0.986 న్యూటన్-సెకను. గ్రాఫు ఇచ్చింది 0.985. రెండూ కలిశాయి.

తీసివేతతో తప్పుగా చేసిన లెక్క 0.174 న్యూటన్-సెకను అని చెబుతుంది. అది తప్పని ఇంకే పుస్తకమూ చూడకుండానే పట్టుకోవచ్చు. అదే బరువున్న మట్టిముద్ద అదే వేగంతో వచ్చి గోడకు అతుక్కుపోయిందనుకోండి. దాన్ని ఆపడానికే 0.58 న్యూటన్-సెకను కావాలి. ఆపి, మళ్లీ వెనక్కి పంపడానికి అంతకన్నా తక్కువ ఎలా సరిపోతుంది? తిరిగొచ్చే బంతికి మీ జవాబు మట్టిముద్ద జవాబు కన్నా తక్కువ వచ్చిందంటే గుర్తుల్లో పొరపాటు ఉన్నట్టే. తగ్గకుండా తిరిగొచ్చే బంతి ఉంటే జవాబు సరిగ్గా రెట్టింపు, 1.16. మన బంతి ఆ రెండింటి మధ్య ఉంది. ఉండాల్సిందీ అక్కడే.

బంతి గోడకు ఏటవాలుగా తగిలితే లెక్కలోకి వచ్చేది వేగంలో గోడకు లంబంగా ఉన్న భాగమే. గోడ వెంబడి సాగే భాగాన్ని మార్చేది రాపిడి, దాని లెక్క వేరు. భూమ్యాకర్షణ కూడా ఆ వేళ పనిచేస్తూనే ఉంటుంది, కానీ బంతి బరువు అర న్యూటన్‌కు కాస్త ఎక్కువ మాత్రమే. 5 మిల్లీసెకన్లలో అది ఇచ్చే ప్రచోదనం 0.003 కూడా ఉండదు. నిశ్చింతగా వదిలేయవచ్చు.

మళ్లీ గ్రాఫు దగ్గరికి వద్దాం. ఆ గుట్టను ఒక నిలువు గీతతో రెండుగా కోయవచ్చు. ఎక్కడ కోయాలి? బంతి పూర్తిగా నిలిచిపోయిన క్షణం దగ్గర. అప్పటివరకు అందిన ప్రచోదనం బంతిని ఆపడానికి ఖర్చయింది. అది 0.058 ఇంటూ 10, అంటే 0.58. మన గ్రాఫులో ఎడమ నుంచి వైశాల్యం కూడుకుంటూ పోతే 0.58 నిండేది సుమారు 2.7 మిల్లీసెకన్ల దగ్గర. ఆ తర్వాత మిగిలిన వైశాల్యం 0.41. అది బంతిని వెనక్కి పంపింది.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. మొదటిది, బంతి కదలకుండా ఉన్న ఆ క్షణంలో దాని మీద బలం సున్నా కాదు. గరిష్ఠానికి దగ్గరలో ఉంది. వేగం సున్నా అయితే బలమూ సున్నా అని మనసుకు తోస్తుంది. గ్రాఫు ఆ భ్రమను పోగొడుతుంది. బలం చెప్పేది వేగం ఎంత ఉందని కాదు, వేగం ఎంత త్వరగా మారుతోందని. బంతి లోపలికి వెళ్లడం మానేసి బయటికి మళ్లుతున్న ఆ క్షణంలోనూ దాని వేగం చకచకా మారుతూనే ఉంది.

రెండోది, కుడిపక్క వైశాల్యాన్ని ఎడమపక్క వైశాల్యంతో భాగిస్తే 0.7 వస్తుంది. తిరిగి వెళ్లిన వేగాన్ని వచ్చిన వేగంతో భాగించినా 0.7. ఇది కాకతాళీయం కాదు. ఇంటర్మీడియట్ పుస్తకాల్లో ప్రత్యవస్థాన గుణకం అని చదివేది ఇదే. నొక్కుకుపోయేటప్పుడు బంతి ఎదురు తోసినంత గట్టిగా, సర్దుకునేటప్పుడు తోయదు. రబ్బరు లోపలి రాపిడిలో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. అందుకే గుట్ట కుడివైపు చిక్కిపోయి, నిదానంగా దిగింది. అందుకే గరిష్ఠ బలం కూడా బంతి ఆగిన క్షణానికి కాస్త ముందే వచ్చేసింది.

ఈ నిష్పత్తిని కొలవడం కొత్తదేమీ కాదు. న్యూటన్ 1687లో వెలువరించిన ప్రిన్సిపియాలోనే దీని వివరం ఉంది. ఆయన లోలకాలకు గోళాలు వేలాడదీసి ఢీకొట్టించారు. గట్టిగా చుట్టి కుదించిన ఉన్ని గోళాలు ఎదురెదురుగా వచ్చిన వేగానికి విడిపోయిన వేగం తొమ్మిదికి అయిదు పాళ్లుగా ఉందని, గాజు గోళాలకు పదహారుకు పదిహేనని రాశారు. ఉక్కువి దాదాపు వచ్చిన వేగంతోనే విడిపోయాయి. మీ దగ్గరున్న టెన్నిస్ బంతికి ఈ నిష్పత్తి తెలుసుకోవాలంటే గట్టి నేల మీద ఒక మీటరు ఎత్తు నుంచి వదిలి, ఎంత ఎత్తుకు లేచిందో చూడండి. 55 సెంటీమీటర్లు లేచిందనుకుందాం. ఎత్తుల నిష్పత్తి 0.55, దాని వర్గమూలం 0.74. అదే వేగాల నిష్పత్తి. టెన్నిస్ సమాఖ్య పరీక్ష కూడా ఇలాంటిదే. బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కాంక్రీటు మీద వదిలితే మామూలు బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు లేవాలి. వేగం పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి కొంత తగ్గుతుంది. మన లెక్కలో 0.7 తీసుకోవడానికి కారణం అదే.

ఇక సగటు బలం. నిర్వచనం చిన్నది.

సగటు బలం = ప్రచోదనం ÷ తాకిడి సమయం

0.985ను 0.005తో భాగిస్తే 197 న్యూటన్లు. అంటే గోడ మీద ఆ కాస్సేపు సగటున 20 కిలోల బరువు మోపినట్టు. ఈ సగటుకు గ్రాఫులో రూపం ఇలా ఇవ్వవచ్చు. అదే 5 మిల్లీసెకన్ల వెడల్పు మీద, గుట్టతో సమాన వైశాల్యం ఉండేలా ఒక దీర్ఘచతురస్రం నిలబెట్టండి. దాని ఎత్తే సగటు బలం. గుట్ట తల ఆ దీర్ఘచతురస్రం పైకి పొడుచుకొస్తుంది. దాని రెండు వైపులా ఖాళీ మూలలు మిగులుతాయి. పైకి వచ్చిన ముక్క ఆ ఖాళీలకు సరిగ్గా సరిపోతుంది.

కాబట్టి సగటు బలం గరిష్ఠ బలం కాదు. మన గ్రాఫులో గరిష్ఠం 295, సగటు 197. ఒకటికి ఒకటిన్నర. గ్రాఫు లేకుండా వేగాలు, సమయం మాత్రమే తెలిసినప్పుడు గరిష్ఠాన్ని అంచనా వేయడానికి ఒక మార్గముంది. గుట్ట త్రిభుజంలా ఉందనుకుంటే గరిష్ఠం సగటుకు రెట్టింపు. సైన్ వక్రంలో సగభాగంలా ఉందనుకుంటే సగటుకు 1.57 రెట్లు. టెన్నిస్ బంతి లాంటివాటికి నిజమైన విలువ ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మధ్య ఉంటుందనుకోవచ్చు. గోడకు బిగించిన పలక పగులుతుందా లేదా అన్నది నిర్ణయించేది గరిష్ఠమే తప్ప సగటు కాదు. ఆ ప్రశ్న అడిగేవారు సగటు దగ్గర ఆగకూడదు.

నా దృష్టిలో ఈ అంశంలో అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ పొందేది తాకిడి సమయం. ప్రచోదనం కోసం ద్రవ్యరాశి, రెండు వేగాలు తెలిస్తే చాలు. తాకిడి లోపల ఏం జరిగిందో తెలియనక్కర్లేదు. సగటు బలం అలా కాదు. దాని విశ్వసనీయత మొత్తం ఆ చిన్న సమయం మీద ఆధారపడి ఉంది. సమయం సగమైతే బలం రెట్టింపు.

మరి దాన్ని ఎలా కొలవాలి? ఫోన్‌లోని స్లో మోషన్ చాలదు. సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోన్‌లో రెండు చిత్రాల మధ్య వ్యవధి 4 మిల్లీసెకన్లకు పైనే. బంతి గోడను అంటుకుని ఉన్నట్టు ఒక చిత్రంలో కనిపిస్తుంది, మహా అయితే రెండింటిలో. దాన్నిబట్టి 5 మిల్లీసెకన్లని చెప్పలేం. అదే ఫోన్ బంతి వేగాన్ని కొలవడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది. గోడ పక్కన కొలబద్ద పెట్టి తీస్తే సెకనుకు 10 మీటర్ల బంతి ఒక్కో చిత్రానికి 4 సెంటీమీటర్లు జరుగుతుంది. పది చిత్రాలు చూస్తే వేగం తెలిసిపోతుంది. సెకనుకు 960 చిత్రాలంటే ఒక్కో చిత్రానికి మిల్లీసెకను. తాకిడి నాలుగైదు చిత్రాల్లో దొరుకుతుంది, అయినా ఒక చిత్రం అటూ ఇటూ అయితే జవాబులో అయిదో వంతు తేడా వస్తుంది. పైగా కొన్ని ఫోన్లు నిజంగా అన్ని చిత్రాలు తీయవు, మధ్యవి కల్పించి నింపుతాయి. వాటి నుంచి తాకిడి సమయం చదవకూడదు.

కళాశాల ప్రయోగశాలలో ఇంకో చక్కని మార్గముంది. గోడ మీద రెండు అల్యూమినియం రేకు పట్టీలను సన్నని ఎడంతో పక్కపక్కన అంటించి, బంతికి కూడా పల్చని రేకు చుట్టాలి. పట్టీలు రెండింటినీ బ్యాటరీకి, ఆసిలోస్కోపుకు కలపాలి. బంతి తాకినంతసేపూ వలయం మూసుకుంటుంది. తెర మీద ఆ మేరకు ఒక మెట్టు కనిపిస్తుంది. దాని వెడల్పే తాకిడి సమయం. రేకు నలిగి మధ్యలో స్పర్శ తెగితే ఒక మెట్టు బదులు విరిగిన ముక్కలు కనిపిస్తాయి. అలాంటి కొలతను పారేసి రేకు మార్చి మళ్లీ చెయ్యాలి.

ఏ పరికరమూ లేనివారు కూడా సమయానికి ఒక హద్దు గీయవచ్చు. బంతి పది వేగం నుంచి సున్నాకు వస్తుంది. ఆ మధ్యలో సగటు వేగం అయిదారు అనుకోవచ్చు. ఆగడానికి పట్టిన 2.7 మిల్లీసెకన్లను 6తో గుణిస్తే 16 మిల్లీమీటర్లు. అంటే బంతి మధ్యబిందువు గోడవైపు ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు జరిగింది. టెన్నిస్ బంతి వ్యాసం దాదాపు 6.6 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు నొక్కుకుపోయిందంటే నమ్మదగ్గదే.

ఇదే పరీక్షను పుస్తకాల్లోని లెక్కలకు పెట్టి చూడండి. బంతి గోడకు తగిలి 0.1 సెకనులో తిరిగొచ్చింది, సగటు బలమెంత అని అడిగే లెక్క తగులుతూ ఉంటుంది. మన బంతికే అది వర్తింపజేస్తే ఆగడానికి 0.05 సెకను, సగటు వేగం 5. బంతి మధ్యబిందువు 25 సెంటీమీటర్లు గోడలోకి వెళ్లాలి! బంతి మొత్తం కలిపినా ఏడు సెంటీమీటర్లు లేదు. లెక్క జవాబు 10 న్యూటన్లని వస్తుంది, సూత్రం ప్రకారం తప్పు లేదు, కానీ అది ఏ బంతికీ ఏ గోడకీ చెందిన సంఖ్య కాదు. నిజమైన బలంలో ఇరవయ్యో వంతు.

గ్రాఫు చేతిలో ఉన్నా సమయం విషయంలో ఒక చిక్కు మిగిలే ఉంటుంది. గుట్ట చివర నిదానంగా దిగుతుంది కదా, తాకిడి ఎక్కడ ముగిసిందని చెప్పాలి? ఒకరు 5 మిల్లీసెకన్ల దగ్గర ముగించారు. ఇంకొకరు ఆ సన్నని తోకను లెక్కలోకి తీసుకోకుండా 4.5 దగ్గరే ఆపేశారు. రెండో వ్యక్తి వదిలేసిన వైశాల్యం 0.025 మాత్రమే, మొత్తంలో రెండున్నర శాతం. కానీ సమయం పది శాతం తగ్గింది. ఆయనకు సగటు బలం 197 బదులు 213 వస్తుంది. ఇద్దరి లెక్కా సరైనదే. ఎక్కడ నుంచి ఎక్కడి వరకు సగటు తీశారో చెప్పకపోవడమే లోపం.

సెన్సర్లతో పనిచేసేవారికి ఇంకో జాగ్రత్త. బలం కొలిచే పలకకు తనదైన కంపనం ఉంటుంది. బంతి తగలగానే అదీ మోగుతుంది. గ్రాఫులో గుట్ట మీద అలలు కనిపిస్తాయి, ఒక్కో అల కొన నిజమైన గరిష్ఠాన్ని మించిపోతుంది. దీన్ని గుర్తుపట్టే పద్ధతి తేలిక. బంతి వెళ్లిపోయాక కూడా గీత సున్నాకు పైకీ కిందకీ ఊగుతుంటే ఆ అలలు పలకవి, బంతివి కావు. అలాంటి గ్రాఫు నుంచి గరిష్ఠాన్ని చదవకూడదు. వైశాల్యాన్ని మాత్రం చాలావరకు నమ్మవచ్చు, ఎందుకంటే పైకి వెళ్లిన అల, కిందకు దిగిన అల కూడికలో ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. నెమ్మదైన సెన్సరు గుట్టను చదును చేసి పక్కలకు సాగదీస్తుంది. అప్పుడూ ఎత్తు తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది, వైశాల్యం దాదాపు నిలబడుతుంది. వైశాల్యాన్ని కూడా చెడగొట్టేది మాత్రం సున్నా తప్పడం. ఏ బలమూ లేనప్పుడు సెన్సరు 10 న్యూటన్లు చూపిస్తుంటే, 5 మిల్లీసెకన్లలో 0.05 న్యూటన్-సెకను ఊరికే వచ్చి చేరుతుంది. మన లెక్కలో అది అయిదు శాతం. అందుకే గ్రాఫు వైశాల్యాన్ని వేగాల నుంచి వచ్చిన ప్రచోదనంతో ప్రతిసారీ పోల్చుకోవాలి. రెండూ కలవకపోతే ముందుగా సున్నాను చూసుకోవాలి.

చివరగా బంతిని మార్చి చూద్దాం. టెన్నిస్ బంతి బదులు అసలైన క్రికెట్ బంతి. బరువు 160 గ్రాములు. అదే 10 మీటర్ల వేగంతో కాంక్రీటు గోడకు తగిలి 5 మీటర్లతో తిరిగొచ్చిందనుకుందాం. ప్రచోదనం 0.16 ఇంటూ 15, అంటే 2.4 న్యూటన్-సెకను. టెన్నిస్ బంతిదానికి రెండున్నర రెట్లు కూడా లేదు. కానీ బెండు, దారం, తోలుతో బిగించిన ఆ బంతి అంతగా నొక్కుకుపోదు. తాకిడి సమయం ఒక మిల్లీసెకను అనుకుంటే సగటు బలం 2400 న్యూటన్లు. పన్నెండు రెట్లు. ఒక్క మిల్లీసెకను అన్నది నా అంచనా. అది ఒకటిన్నర అయితే బలం 1600కు పడిపోతుంది. 2.4 న్యూటన్-సెకను మాత్రం ఎటూ కదలదు.

ఫిజిక్స్ చెప్పే ఉపాధ్యాయులకు, పరీక్ష ప్రశ్నలు రాసేవారికి ఒక మనవి. బంతి, గోడ లెక్క ఇచ్చేటప్పుడు తాకిడి సమయాన్ని సగం చేసి, దాన్ని వచ్చే వేగంలో సగంతో గుణించండి. వచ్చిన దూరం బంతి వ్యాసార్ధం కన్నా ఎక్కువైతే ఆ ప్రశ్నను పిల్లలకు ఇవ్వకండి, సమయాన్ని మార్చండి.